అగ్నిప్రమాదం క్లెయిమ్ నెలల తరబడి తేలకపోతే అంబుడ్స్‌మన్‌కు ఏం రాయాలి?

షాపు కాలిపోయిన వాళ్లు, కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే బీమా అంబుడ్స్‌మన్‌కు రాసే ఉత్తరాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. మొదటి పేజీ అంతా మంటల గురించి, రెండో పేజీ అప్పుల గురించి, మూడో పేజీ కంపెనీ వాళ్లు ఫోన్లు ఎత్తకపోవడం గురించి. రాసినవన్నీ నిజాలే, కాదనలేం. కానీ ఆ ఉత్తరం చదివే అధికారికి కావలసింది మూడు పేజీల్లో ఎక్కడా దొరకదు. ఏ తేదీన ఏ కాగితం ఇచ్చారు, ఏ తేదీకి కంపెనీ ఏం చేసి ఉండాల్సింది, అది చేయకపోతే ఇప్పుడు ఎంత ఇప్పించమంటున్నారు అనే మూడు విషయాలే ఆయనకు అక్కరకొస్తాయి. పెండింగ్ క్లెయిమ్ మీద ఫిర్యాదు అంటే తేదీల లెక్క. ఆ లెక్క సరిగ్గా కట్టిన వాడి వైపే కేసు మొగ్గుతుంది.

తిరస్కరించిన క్లెయిమ్ కన్నా పెండింగ్ క్లెయిమ్‌తోనే చిక్కు ఎక్కువ. తిరస్కరిస్తే చేతికి ఒక లెటర్ వస్తుంది, అందులో కారణం ఉంటుంది, ఆ కారణాన్ని ఖండించొచ్చు. పెండింగ్‌లో పెడితే ఖండించడానికి ఏమీ ఉండదు. "ప్రాసెస్‌లో ఉందండీ", "హెడ్డాఫీసుకి పంపాం", "సర్వేయర్ రిపోర్ట్ రాలేదు" అనే మాటలే మిగులుతాయి, అవీ ఫోన్లోనే. "కాదు" అని ఎవరూ అనలేదు కాబట్టి మనిషి ఇంకో నెల ఆగుతాడు, ఆ తర్వాత ఇంకో నెల. అయితే ఆలస్యం కూడా ఫిర్యాదుకు కారణమే. 2017 నాటి ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ రూల్స్‌లో 13వ రూలు ఫిర్యాదుకు పనికొచ్చే కారణాలను వరుసగా చెబుతుంది. అందులో మొట్టమొదటిది, నియంత్రణ సంస్థ పెట్టిన గడువు దాటినా క్లెయిమ్ తేల్చకపోవడం. అంటే తిరస్కరణ లెటర్ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.

ఇంతకీ ఆ గడువు ఎంత? నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం నష్టం సంగతి తెలియజేసిన 24 గంటల్లో నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్‌ను పెట్టాలి. సర్వేయర్ నుంచి రిపోర్టు 15 రోజుల్లో తెప్పించుకోవాలి. రిపోర్టు అందిన 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. అంతకుముందు 2017 నిబంధనల్లో ఇవి 72 గంటలు, 30 రోజులు, మళ్లీ 30 రోజులుగా ఉండేవి. ప్రమాదం ఎప్పుడు జరిగిందో చూసుకుని, అప్పటికి ఏ నిబంధన అమల్లో ఉందో దాన్నే ఉత్తరంలో రాయాలి. పాత ప్రమాదానికి కొత్త గడువు రాస్తే కంపెనీ తరఫు వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే.

ఒక కేసు తీసుకుని చూద్దాం. తేదీలు, అంకెలు అర్థమవడానికి నేను కల్పించినవే. తెనాలిలో ఒకాయన బట్టల కొట్టు, సొంత పేరు మీద నడుస్తోంది, బ్యాంకులో సరుకు మీద అప్పు ఉంది. సరుకుకు 30 లక్షల బీమా. 2025 ఫిబ్రవరి 11 రాత్రి షార్ట్ సర్క్యూట్‌తో మంటలు లేచాయి. మర్నాడు ఫోన్ చేసి, ఈమెయిల్ కూడా పెట్టారు, క్లెయిమ్ నంబరు వచ్చింది. ఫిబ్రవరి 14న సర్వేయర్ వచ్చి ఫోటోలు తీసుకున్నాడు. అగ్నిమాపక శాఖ సర్టిఫికెట్, పోలీసు స్టేషన్ కాగితాలు, క్లెయిమ్ ఫారం మార్చి 3న ఇచ్చారు. సర్వేయర్ అడిగిన జాబితాలో మిగిలినవన్నీ మార్చి 28కి ఇచ్చేశారు. మే 20న కంపెనీ మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు అడిగింది, 26న పంపారు. జూలై 15న జీఎస్టీ రిటర్నులు అడిగింది. అవి మార్చిలోనే ఇచ్చారు. అయినా జూలై 18న మళ్లీ పంపారు. ఆ తర్వాత చడీచప్పుడు లేదు.

ఇక్కడ "చివరి కాగితం ఎప్పుడు ఇచ్చారు" అన్నదే అసలు తగాదా. ఆలస్యానికి కంపెనీ వడ్డీ కట్టాలి. ఆ వడ్డీ రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటు మీద 2 శాతం ఎక్కువ. దాన్ని లెక్కించేది అవసరమైన చివరి కాగితం కంపెనీకి అందిన రోజు నుంచి. ఈ కేసులో కొట్టు యజమాని మార్చి 28 అంటాడు. కంపెనీ జూలై 18 అంటుంది. బ్యాంక్ రేటు 6.5 అనుకుంటే వడ్డీ 8.5 శాతం అవుతుంది. 21 లక్షల క్లెయిమ్‌కు నెలకు దాదాపు 15 వేలు. మార్చి 28కీ జూలై 18కీ మధ్య తేడా ఒక్కటే సుమారు 55 వేలు. డబ్బు మాట పక్కన పెట్టినా, జూలై 18 అని ఒప్పుకుంటే కంపెనీ ఆలస్యం సగానికి సగం కనిపించకుండా పోతుంది.

అందుకే ఇచ్చిన కాగితాన్నే మళ్లీ అడిగినప్పుడు ఊరికే పంపకూడదు. "ఇవి మార్చి 28న మీ సర్వేయర్‌కు ఇచ్చాం, అందినట్టు ఆయన పంపిన మెయిల్ జతచేస్తున్నాం, మీ సౌకర్యం కోసం మరోసారి పంపుతున్నాం" అని ఒక్క వాక్యం రాసి పంపితే చాలు. ఈ వాక్యం లేకపోతే జూలైలో పంపిన కాగితమే మొదటిసారి పంపినట్టు ఫైల్లో నిలిచిపోతుంది. సర్వేయర్‌కు చేతికిచ్చిన వాటికీ ఇదే మాట. ఆయన వాట్సాప్‌లో అందినట్టు పెట్టిన మెసేజ్ కూడా సాక్ష్యమే. అది కూడా లేకపోతే ఆ రోజు రాత్రే "ఈరోజు మీకు ఇచ్చిన కాగితాల జాబితా" అని ఆయనకూ, కంపెనీకీ కలిపి ఒక మెయిల్ పెట్టుకోవాలి. "సర్వేయర్ రిపోర్ట్ రాలేదు" అనే సాకు కూడా ఇక్కడే తేలిపోతుంది. సర్వేయర్‌ను పెట్టింది కంపెనీ, ఫీజు ఇచ్చేది కంపెనీ, రిపోర్టు సకాలంలో తెప్పించుకునే బాధ్యతా దానిదే. ఆయన చేసిన ఆలస్యం పాలసీదారు నెత్తిన పడదు. ఉత్తరంలో ఈ మాట నేరుగా రాయాలి.

మే నెలలో అడిగిన బ్యాలెన్స్ షీట్ల సంగతి కొంచెం వేరు. అవి కొత్తగా అడిగినవి కాబట్టి వాటికి ఆరు రోజులు పట్టిందని ఒప్పుకోవడంలో నష్టం లేదు. సర్వేయర్ జాబితాలో అవి లేవనీ, రిపోర్టు గడువు దాటిన చాలా వారాలకు అడిగారనీ రాయాలి. అన్నింటికీ అడ్డం తిరిగి వాదించే ఉత్తరం కన్నా ఒకచోట తన వైపు ఆలస్యాన్ని కూడా లెక్కలో చూపించిన ఉత్తరానికే విలువ ఎక్కువని నా అభిప్రాయం.

ఇక అంబుడ్స్‌మన్ దగ్గరికి నేరుగా వెళ్లడానికి లేదు. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఆరు నెలలుగా బ్రాంచి చుట్టూ తిరిగాం కదా అంటే కుదరదు. కంపెనీ గ్రీవెన్స్ అధికారికి, ఫిర్యాదు అనే పేరుతో, ఒక కాగితం వెళ్లాలి. ఆ కాగితం అందిన నెల రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే, అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో పెట్టిన ఫిర్యాదు కూడా కంపెనీకే చేరుతుంది, పైగా దానికి టోకెన్ నంబరు పడుతుంది కాబట్టి తేదీ మీద గొడవ ఉండదు. రెండూ చేయడం మంచిది. అప్పటిదాకా ఏళ్లుగా మెయిళ్లు రాసినా, ఈ ఒక్క ఫిర్యాదు లేకపోతే అంబుడ్స్‌మన్ ఆఫీసు మీ కాగితాలు తిప్పి పంపుతుంది.

మన తెనాలి కొట్టాయన సెప్టెంబరు 8న గ్రీవెన్స్ అధికారికి రాశాడనుకుందాం. అక్టోబరు 8కి నెల నిండింది. వచ్చిన జవాబు "మీ క్లెయిమ్ పరిశీలనలో ఉంది" అనే రెండు ముక్కలు. అది జవాబు కింద లెక్కేసుకున్నా, వేసుకోకపోయినా ఆయనకు దారి తెరిచే ఉంది. అక్కడి నుంచి ఏడాదిలోపు అంబుడ్స్‌మన్‌కు రాయాలి. ఏడాది దాటితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ఆయనకు ఉంది కానీ, దాని మీద ఆధారపడటం తెలివైన పని కాదు.

రాసే ముందు మూడు విషయాలు చూసుకోవాలి. ఒకటి, కొట్టు ఎవరి పేరు మీద ఉంది. వ్యక్తుల పాలసీలు, గ్రూప్ పాలసీలు, సొంత యాజమాన్యంలోని వ్యాపారాలు, సూక్ష్మ సంస్థలు మాత్రమే ఇక్కడికి రావచ్చు. కొట్టు భాగస్వామ్య సంస్థ అయితే ఉద్యమ్ సర్టిఫికెట్‌లో సూక్ష్మ సంస్థ అని ఉందో లేదో చూసి, దాన్ని జతచేయాలి. రెండు, మొత్తం. అంబుడ్స్‌మన్ ఇప్పించగలిగేది గరిష్ఠంగా 50 లక్షలు. 2023 సవరణకు ముందు ఇది 30 లక్షలు ఉండేది, పాత సమాచారం చూసి చాలామంది ఇప్పటికీ 30 అనే అనుకుంటున్నారు. మూడు, ఇదే విషయం మీద కోర్టులోగానీ, వినియోగదారుల కమిషన్‌లోగానీ, మధ్యవర్తి దగ్గరగానీ కేసు ఉండకూడదు. ఉంటే ఫిర్యాదు నిలవదు.

ఇప్పుడు ఉత్తరం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వాళ్లకు హైదరాబాద్‌లోని అంబుడ్స్‌మన్ ఆఫీసే దిక్కు. cioins.co.in లో ఆన్‌లైన్‌గా ఇవ్వొచ్చు, పోస్టులోనూ పంపొచ్చు. రుసుము లేదు. లాయరును తీసుకెళ్లే పద్ధతీ లేదు, తన కేసు తానే చెప్పుకోవాలి. అందుకే ఉత్తరం తానే చదివి చెప్పగలిగేలా ఉండాలి. మొదటి పేరా ఇలా సరిపోతుంది:

"నా సొంత యాజమాన్యంలోని బట్టల దుకాణంలో 11-02-2025 రాత్రి అగ్నిప్రమాదం జరిగింది. పై పాలసీ కింద 12-02-2025న క్లెయిమ్ తెలియజేశాను. సర్వేయర్ అడిగిన కాగితాలన్నీ 28-03-2025కి అందజేశాను. నేటి వరకు కంపెనీ క్లెయిమ్‌ను ఆమోదించలేదు, తిరస్కరించలేదు. గడువు దాటిన ఆలస్యం మీద, 13వ రూలు కింద ఈ ఫిర్యాదు చేస్తున్నాను."

దీని తర్వాత తేదీల పట్టిక. ఒక వరుసలో తేదీ, పక్కన జరిగిన పని, ఇంకో పక్కన దానికి జతచేసిన కాగితం నంబరు. తెనాలి కేసులో ఇది పది వరుసలకు మించదు. ఫోన్ కాల్స్ ఇందులో పెట్టొద్దు, వాటికి రుజువు లేదు. ఏ వరుసకు పక్కన కాగితం నంబరు రాయలేకపోతారో ఆ వరుస తీసేయండి. పట్టిక కింద ఒకే ఒక్క వాక్యం: "సర్వే రిపోర్టుకు ఉన్న 15 రోజుల గడువు ఫలానా తేదీతో, నిర్ణయానికి ఉన్న 7 రోజుల గడువు ఫలానా తేదీతో ముగిశాయి."

తర్వాతిది చాలామంది వదిలేసే భాగం, నష్టం లెక్క. "ఆలస్యం మీద ఫిర్యాదు కదా, లెక్క ఎందుకు" అనిపిస్తుంది. "త్వరగా తేల్చమని ఆదేశించండి" అని మాత్రమే అడిగితే, తేల్చమనే ఆదేశమే రావచ్చు. కంపెనీ తేల్చేస్తుంది, తిరస్కరించి. అప్పుడు మళ్లీ గ్రీవెన్స్, మళ్లీ నెల రోజులు, మళ్లీ మొదటికొస్తుంది. అందుకే మొత్తం, వడ్డీ రెండూ అడగాలి. క్లెయిమ్ మీద నిర్ణయమే రాని పక్షంలో గడువు పెట్టి నిర్ణయం ఇప్పించమనేది ప్రత్యామ్నాయంగా చివర్లో రాయాలి.

లెక్క ఎలాగంటే, తగలబడిన రోజున కొట్టులో సరుకు ఎంత ఉందో సర్వేయర్లు కట్టే పద్ధతిలోనే కట్టి చూపించాలి. ఏడాది మొదట్లో, అంటే 2024 ఏప్రిల్ 1న, సరుకు 24 లక్షలు. అప్పటి నుంచి ప్రమాదం దాకా కొన్నది 62 లక్షలు. అమ్మింది 70 లక్షలు, అందులో లాభం 15 శాతం తీసేస్తే అమ్మిన సరుకు అసలు ధర 59.5 లక్షలు. 24కు 62 కలిపి 59.5 తీసేస్తే ఆ రాత్రి కొట్టులో ఉండాల్సిన సరుకు 26.5 లక్షలు. పై గదిలో కాలకుండా మిగిలింది 3 లక్షలు. సగం కాలి, తడిసి, ఎంతోకొంతకు అమ్ముడయ్యే బేళ్లు 2.5 లక్షలు. మిగతా 21 లక్షలు నష్టం. పాలసీదారే భరించాలని పాలసీలో రాసిన మొత్తం, అంటే ఎక్సెస్, ఇందులోంచి పోతుంది.

ఇందులో గొడవపడే అంకె ఒక్కటే, ఆ 15 శాతం లాభం. సర్వేయర్ దాన్ని 10 శాతం అంటే అమ్మిన సరుకు ధర 63 లక్షలవుతుంది, కొట్టులో సరుకు 23 లక్షలకు పడిపోతుంది. ఒక్క అంకెతో మూడున్నర లక్షలు మాయం. గత రెండు మూడేళ్ల ట్రేడింగ్ అకౌంట్లలో లాభం శాతం ఎంత ఉందో, అదే ఇక్కడా వాడాలి, ఆ కాగితాలు జతచేయాలి. బీమా చాలినంత చేశారా లేదా అన్నది కూడా ఇక్కడే తేలుతుంది. సరుకు విలువ కన్నా బీమా తక్కువైతే ఆ నిష్పత్తిలో క్లెయిమ్ కోస్తారు. 5 కోట్ల లోపు ఆస్తులకు ఇచ్చే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో 15 శాతం దాకా తక్కువున్నా కోయరు. ఇక్కడ 26.5 లక్షలకు 30 లక్షల బీమా ఉంది, కాబట్టి ఆ బెడదే లేదు. ఆ మాట కూడా ఒక వాక్యంలో రాసేయాలి.

బిల్లులు కాలిపోయాయి కదా అనే ప్రశ్న వెంటనే వస్తుంది. నిజమే, బట్టల కొట్టులో బిల్లు పుస్తకాలు సరుకుతోపాటే పోతాయి. కానీ సూరత్ నుంచి, ఈరోడ్ నుంచి తెచ్చిన సరుకు అమ్మినవాళ్ల జీఎస్టీ రిటర్నుల్లో ఉంటుంది, అది మీ పోర్టల్‌లో GSTR-2B గా కనిపిస్తుంది. దాన్ని నెలనెలా డౌన్‌లోడ్ చేసి, పెద్ద సరఫరాదారుల నుంచి డూప్లికేట్ బిల్లులు, ఖాతా కాపీలు తెప్పించి జతచేస్తే 62 లక్షల అంకె నిలబడుతుంది. మంగళగిరిలోనో, చీరాలలోనో జీఎస్టీ లేని నేతగాళ్ల దగ్గర కొన్నది మాత్రం అక్కడ ఉండదు. దానికి బ్యాంకు ద్వారా చెల్లించిన రుజువే ఆధారం, నగదు ఇచ్చి ఉంటే ఆ మేరకు తగ్గించుకోక తప్పదు. ఇంకో ప్రమాదం బ్యాంకుకు నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్. అప్పు పరిమితి తగ్గకూడదని చాలామంది అందులో సరుకు పెంచి చూపిస్తారు. కంపెనీ దాన్ని, పుస్తకాలను పక్కపక్కన పెట్టి "రెండూ కలవడం లేదు" అంటుంది. క్లెయిమ్ పెండింగ్‌కు చెప్పని కారణం చాలాసార్లు ఇదే. ముందే తెలిస్తే తేడా ఎందుకొచ్చిందో ఉత్తరంలోనే రాసుకోవచ్చు.

మానసిక వేదనకు ఐదు లక్షలు, పోయిన వ్యాపారానికి పది లక్షలు అని అడిగే ఉత్తరాలూ ఉంటాయి. ఆ టెన్షన్ ఎలాంటిదో ఎవరూ కాదనరు కానీ, ఆలస్యం మూలంగా నేరుగా కలిగిన నష్టానికి మించి ఇచ్చే అధికారం అంబుడ్స్‌మన్‌కు లేదు. అవి చేర్చి మొత్తం 50 లక్షలు దాటిస్తే అసలుకే మోసం. ఇక బ్యాంకు అప్పు ఉంటే పాలసీలో బ్యాంకు క్లాజు ఉంటుంది, డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది. అప్పు ఖాతా వడ్డీ ఈలోపు పెరుగుతూనే ఉంటుంది. ఫిర్యాదు కాపీ ఒకటి బ్యాంకుకు ఇచ్చి అందినట్టు రాయించుకోవడం వల్ల, ఖాతా మొండిబాకీ కాకుండా మాట్లాడుకునే వీలు కొంత ఉంటుంది.

ఫిర్యాదు నమోదయ్యాక ఆఫీసు కంపెనీని తన వైపు వివరణ పంపమంటుంది. దాన్ని వాళ్లు సెల్ఫ్ కంటెయిన్డ్ నోట్ అంటారు. నెలల తరబడి కదలని ఫైలు చాలాసార్లు ఈ నోట్ రాయాల్సి వచ్చినప్పుడే కదులుతుంది. అప్పుడు రెండింటిలో ఒకటి జరగొచ్చు. తక్కువ మొత్తానికి ఆఫర్ రావచ్చు, లేదా హఠాత్తుగా తిరస్కరణ లెటర్ రావచ్చు. తిరస్కరణ వస్తే గాబరా పడి ఫిర్యాదు వెనక్కి తీసుకోవద్దు. ఆ లెటర్ కాపీ జతచేసి, తిరస్కరణను కూడా ఇదే ఫిర్యాదులో పరిశీలించమని వెంటనే రాతపూర్వకంగా అడగాలి. సర్వే రిపోర్టు కాపీ అప్పటికీ ఇవ్వకపోతే దాన్నీ అడగాలి. కంపెనీ ప్రభుత్వ రంగంలోదైతే 10 రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో, సర్వేయర్‌ను ఎప్పుడు పెట్టారు, రిపోర్టు ఎప్పుడు అందింది అనే రెండు తేదీలు ముందే రాబట్టుకోవచ్చు. ఆ రెండు తేదీలు చేతికొస్తే సగం వాదన అయిపోయినట్టే.

ఆఫర్ వస్తే చూడాల్సింది సంతకం కింద ఏముందని. ఇరు పక్షాలూ ఒప్పుకుంటే అంబుడ్స్‌మన్ రాజీ కుదురుస్తారు, దాన్ని పూర్తి పరిష్కారంగా ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాక వెనక్కి రావడం కష్టం. రాజీ కుదరకపోతే ఇరువైపులా విని తీర్పు ఇస్తారు. కావలసిన కాగితాలన్నీ అందిన మూడు నెలల్లో తీర్పు రావాలి. తీర్పు అందిన 30 రోజుల్లో కంపెనీ అమలు చేయాలి, అది దానికి కట్టుబడాల్సిందే. పాలసీదారుకు మాత్రం ఆ కట్టుబాటు లేదు. నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు.

అక్కడ గడువు వేరు, రెండేళ్లు. అంబుడ్స్‌మన్ దగ్గర గడిచిన కాలాన్ని ఆ రెండేళ్లలోంచి తీసేస్తారన్న ధీమాతో ఉండొద్దు. క్లెయిమ్ ఎప్పుడు తేల్చాల్సిందో ఆ తేదీ నుంచే రెండేళ్లు లెక్కేసుకుని, క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి. వ్యాపారస్తుడు వినియోగదారుడు కాదనే వాదన కంపెనీలు తెస్తుంటాయి. నష్టం నుంచి కాపాడుకోవడానికి తీసుకున్న బీమా లాభం కోసం చేసే వ్యాపారం కిందికి రాదని సుప్రీంకోర్టు 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో తేల్చింది. అది కూడా అగ్నిప్రమాద బీమా కేసే. పైగా 2019 చట్టం ప్రకారం ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది కట్టిన ప్రీమియాన్ని బట్టి ఉంటుంది, అడిగే క్లెయిమ్‌ను బట్టి కాదు. ప్రీమియం వేలల్లోనే ఉంటుంది కాబట్టి 21 లక్షల కేసైనా, 80 లక్షల కేసైనా జిల్లా కమిషన్‌లోనే, ఫీజు లేకుండా వేసుకోవచ్చు.